రిటైర్మెంట్ పార్టీలో 3 నిమిషాలు: గొంతు పెగలని మా క్లర్కు 10 రోజుల్లో స్పీచ్‌కి ఎలా రెడీ అయ్యాడు

మా సెక్షన్లో ఆఫీసుకొచ్చే లెటర్లు రిజిస్టర్లో ఎక్కించే ఇన్వర్డ్ సీట్లో ఒకబ్బాయి ఉన్నాడు, నన్ను అక్కా అంటాడు కాబట్టి నేను తమ్ముడనే అంటా. పని మాత్రం గడియారంలా చేస్తాడు, కానీ నోరు విప్పడు. ఫోన్ మోగినా పక్కసీటు వాళ్ళు ఎత్తితే బాగుండని చూస్తాడు. అలాంటివాడికి మా సూపరింటెండెంట్ గారి రిటైర్మెంట్ ఇంకా 10 రోజులుందనగా కబురొచ్చింది, సెక్షన్ తరఫున నువ్వే మాట్లాడాలి, సార్ దగ్గర పని నేర్చుకున్నది నువ్వే కదా అని. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి "అక్కా నా వల్ల కాదు, లీవ్ పెట్టేస్తా" అన్నాడు. లీవ్ పెడితే సార్ వీడ్కోలుకి కూడా ఉండవు కదరా అన్నా, దానికి మాత్రం ఒప్పుకోలేదు. సరే కూర్చో అని మొదలుపెట్టాం. ఆ 10 రోజులు ఏం చేశామో వరసగా రాస్తున్నా, ఇలాంటి స్పీచ్ నెత్తిన పడినవాళ్ళెవరైనా అదే వరసలో చేసుకోవచ్చు.

మొదటి అడుగు: రాయకముందే నాలుగు విషయాలు తెలుసుకోండి

ఎంతసేపు, నాకంటే ముందు ఎవరు, మైకు ఉందా లేదా, ఎక్కడ నిలబడాలి. ఈ నాలుగూ ఫంక్షన్ చూసుకుంటున్న వాళ్ళని అడిగి రాసుకోమన్నా. 3 నిమిషాలు ఇచ్చారు. చివర్లో మాట్లాడమన్నారు, అది మార్పించాం, రెండోవాడిగా పెట్టించాం. ఎందుకంటే భయస్తుడు చివరిదాకా కూర్చుంటే తన వంతు వచ్చేసరికి గంటసేపు గుండె దడతోనే అలిసిపోతాడు, పైగా అప్పటికి జనం కూడా కుర్చీల్లో కదులుతుంటారు. మొట్టమొదట మాట్లాడటం కూడా మంచిది కాదు, హాలు ఇంకా సర్దుకోదు, మైకు ఇంకా టెస్టింగ్‌లోనే ఉంటుంది. రెండో స్థానం, లేకపోతే మూడోది అడగండి, ఇలాంటి చిన్న కోరిక ఎవరూ కాదనరు.

రెండో అడుగు: ఒక్క సంఘటన వెతకండి, గుణాలు కాదు

రెండో రోజు తమ్ముడు ఒక పేజీ రాసి తెచ్చాడు. "శ్రీయుతులు గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారు తమ సుదీర్ఘ సర్వీసులో క్రమశిక్షణకు, సమయపాలనకు, నిబద్ధతకు మారుపేరుగా నిలిచి అందరి మన్ననలు పొందియున్నారు" అని ఉంది. చదివి, ఇందులో సార్ పేరు తీసేసి వేరే ఎవరి పేరైనా పెట్టు అన్నా. పెట్టాడు. ఏమీ తేడా రాలేదు, అక్షరం మార్చక్కర్లేదు. అదీ దీనికి పరీక్ష. పేరు మార్చినా చెల్లిపోయే వాక్యం ఆ మనిషి గురించి కాదు. ఇంకో ఇబ్బంది ఏంటంటే ముందు మాట్లాడేవాళ్ళు ఖచ్చితంగా ఆ క్రమశిక్షణ, సమయపాలనే చెప్పేస్తారు, అప్పుడు మనవాడి చేతిలో కాగితం ఖాళీ అయిపోతుంది, భయం రెట్టింపవుతుంది. మనకి మాత్రమే తెలిసిన సంఘటన అయితే దాన్ని ఎవరూ ముందే చెప్పేయలేరు.

సంఘటన వెతకడానికి నేను అడిగినవి మూడే ప్రశ్నలు. సార్ నీకు నేర్పిన పనుల్లో ఇప్పటికీ అలాగే చేస్తున్నది ఏది? సార్ ముందు నీకు బాగా సిగ్గుగా అనిపించిన రోజు ఏది? ఆయన ఏమీ అనకుండా ఊరుకున్న సందర్భం ఏది? మొదటిదానికి తలవంచుకుని "లెటర్ వెనకాల పెన్సిల్‌తో నంబర్ వెయ్యడం" అన్నాడు. అదెలా మొదలైంది అంటే నెమ్మదిగా కథ మొత్తం బయటికొచ్చింది, చూస్తే మూడు ప్రశ్నలకీ జవాబు అదొక్కటే. ఇలా మాట్లాడనివాళ్ళు చూసేది ఎక్కువ, వాళ్ళ దగ్గర వివరాలుంటాయి, చేతిలో ఏముంది, ఎక్కడ కూర్చున్నారు, ఏ మాట అన్నారు. ఈ స్పీచ్‌కి కావాల్సిన సరుకంతా అదే.

కథ దొరికాక ఒక జాగ్రత్త. ఆ సంఘటన వల్ల రిటైరయ్యే మనిషికి గానీ, హాల్లో ఉన్న ఇంకెవరికైనా గానీ తలవంపులు వస్తాయేమో చూసుకోవాలి. మనవాడి కథలో తప్పు తనదే, కాబట్టి ఇబ్బంది లేదు. వేరేవాళ్ళ తప్పు ఉన్న కథ అయితే ఎంత బాగున్నా వదిలేయండి.

మూడో అడుగు: ముందు చెప్పండి, తర్వాత రాయండి

ఈ వరస చాలామంది తిరగేస్తారు. ముందు రాస్తే చెయ్యి ఆఫీసు భాషలోకి వెళ్ళిపోతుంది, రోజంతా నోట్ ఫైళ్ళు రాసే చెయ్యి కదా, "పొందియున్నారు" అనే వస్తుంది. ఆ భాష నోటికి తిరగదు, తడబడతాం. అందుకని కాగితం పక్కన పెట్టించి, ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి, ఆ రోజు ఏమైందో నాకు చెప్పు అన్నా. 6 నిమిషాలు చెప్పాడు, అటూ ఇటూ తిరిగి. ఆ రికార్డు విని తన నోటి మాటలనే కాగితం మీద దింపాం, తర్వాత కోసుకుంటూ వచ్చాం. కోసింది ఏంటంటే, లెటర్ ఎక్కడినుంచి వచ్చింది, దేని గురించి, అప్పుడు సెక్షన్లో ఎవరెవరున్నారు, ఇలాంటివి. వినేవాళ్ళకి అవి అక్కర్లేదు. ఉంచింది నేల మీద కూర్చోవడం, పెన్సిల్, సార్ అన్న రెండు మాటలు. చివరికి ఇలా తేలింది:

"అందరికీ నమస్కారం. నేను ఇన్వర్డ్ సీట్లో పనిచేస్తా. మీలో చాలామంది నా గొంతు వినడం ఇదే మొదటిసారి.

నేను చేరిన రెండో నెలలో ఒక లెటర్ పోగొట్టా. రిజిస్టర్లో నంబర్ ఉంది, లెటర్ లేదు. రెండు రోజులు వెతికా. భయమేసి ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు సాయంత్రం అందరూ వెళ్ళిపోయారు. నేను బీరువా ముందు నేల మీద కూర్చుని ఫైళ్ళు విప్పుతున్నా. సార్ బ్యాగు తగిలించుకుని వెళ్తూ నన్ను చూశారు. ఏమైందని అడగలేదు. బ్యాగు కుర్చీలో పెట్టారు. వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నారు. 'ఎన్నో నంబరు?' అన్నారు.

ఇద్దరం 40 ఫైళ్ళు చూశాం. ఇంకో లెటర్ వెనకాల పిన్నుకి తగులుకుని దొరికింది. సార్ జేబులోంచి పెన్సిల్ తీశారు. లెటర్ వెనక కింద మూల ఫైల్ నంబర్ వేశారు. 'ముందు ఇది వెయ్యి, తర్వాతే రిజిస్టర్ ముట్టుకో' అన్నారు.

ఆ విషయం ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నేనే చెప్తున్నా.

సార్, ఆ పెన్సిల్ మీరు నా టేబుల్ మీదే వదిలేసి వెళ్ళారు. అది ఎప్పుడో అరిగిపోయింది. తర్వాత చాలా పెన్సిళ్ళు కొన్నా. ఇవాళ పొద్దున వచ్చిన లెటర్ల మీద కూడా నంబర్ వేసే ఇక్కడికి వచ్చా. మీరు హాయిగా ఉండండి సార్. నమస్కారం."

ఆగి ఆగి చదివితే రెండున్నర నిమిషాల లోపే అయిపోయింది. 3 నిమిషాలిస్తే మొత్తం నింపక్కర్లేదు, ఆ మిగిలిన అర నిమిషం నవ్వులకీ, తడబాటుకీ, గొంతు సర్దుకోడానికీ పోతుంది. ఇందులో "క్రమశిక్షణ" అనే మాట ఎక్కడా లేదు, అయినా సార్ ఎలాంటి మనిషో హాల్లో అందరికీ తెలిసిపోతుంది.

నాలుగో అడుగు: వాక్యం చివర గొంతు పడిపోకుండా చూసుకోవడం

అసలు కష్టం ఇక్కడుంది, మాకు 4 రోజులు దీనికే పట్టింది.

ఐదో రోజు అందరూ వెళ్ళిపోయాక ఖాళీ హాల్లో తమ్ముణ్ణి ముందు నిలబెట్టి నేను చివరి వరసలో కూర్చున్నా. చదివాడు. మొదలు బాగానే వినిపిస్తోంది, వాక్యం చివరికొచ్చేసరికి గాలి అయిపోయి గొంతు లోపలికి వెళ్ళిపోతోంది. "ఆ విషయం ఆయన ఎవరికీ చెప్ప..." దాకా వినిపించింది, తర్వాత గుసగుస. చెప్పారా, చెప్పలేదా? కథ మొత్తం ఆ "లేదు" మీద నిలబడి ఉంది, అదే నాకు చేరలేదు.

మన భాషలో క్రియ చివర్లో వస్తుంది, అవునా కాదా అనేది కూడా ఆ క్రియ తోకలోనే ఉంటుంది. చూశారు, చూడలేదు, అడిగారు, అడగలేదు, తేడా అంతా చివరి రెండు మూడు అక్షరాల్లోనే. బిడియస్తులకి గొంతు పడిపోయేది సరిగ్గా అక్కడే. భయంలో ఊపిరి పైపైనే ఆడుతుంది, ఛాతీ పై భాగం మాత్రమే కదులుతుంది, కొంచెం గాలితో వాక్యం మొదలుపెడతాం, అది చివరిదాకా రాదు. దానికి తోడు త్వరగా ముగించేసి కూర్చోవాలనే తొందర. అందుకని "గట్టిగా మాట్లాడు" అని చెప్తే ఉపయోగం ఉండదు, మొదటి మాట గట్టిగా అరుస్తారు, చివరి మాట మళ్ళీ మింగేస్తారు. మేం మూడు పనులు చేశాం.

మొదటిది, పొడుగు వాక్యాలు విరగ్గొట్టాం. పైన స్పీచ్‌లో వాక్యాలు అంత పొట్టిగా ఉన్నది అందుకే. ఒక్క ఊపిరిలో సులువుగా అయిపోవాలి, ఇంకా కొంచెం గాలి మిగలాలి. "సార్ బ్యాగు తగిలించుకుని వెళ్తూ నన్ను చూశారు" దగ్గర మాత్రం అతనికి గాలి సరిపోలేదు, అక్కడ "వెళ్తూ" తర్వాత ఒక గీత పెట్టి, ఆగి ఊపిరి పీల్చుకోమన్నాం.

రెండోది, ప్రతి వాక్యంలో చివరి మాట కింద ఎర్రపెన్నుతో గీత గీయించా. పోగొట్టా, లేదు, వెతికా, చెప్పలేదు, కూర్చున్నారు. ఆ గీత ఉన్న మాట పలికేటప్పుడు చూపు కాగితం మీద ఉండకూడదు, చివరి వరసలో ఉన్న నా మీద ఉండాలి. తల వంచి చదివితే గొంతు నేలకి పోతుంది, తలెత్తితే అదే గొంతు అరవకుండానే వెనక్కి చేరుతుంది. మొదట్లో ఆ మాటలు మాత్రమే వరసగా చెప్పించా, స్పీచ్ లేకుండా. వింతగా ఉంది అన్నాడు గానీ ఏడో రోజుకి అదే పట్టు ఇచ్చింది.

మూడోది, నేను చివరి వరసలో కూర్చుని చివరి మాట వినిపిస్తే చెయ్యి ఎత్తడం, వినిపించకపోతే ఎత్తకపోవడం. ఎలా మాట్లాడావని ఒక్క మాట కూడా అనేదాన్ని కాదు, బాగుందనీ, బాలేదనీ ఏదీ లేదు. చెయ్యి లేవకపోతే అదే వాక్యం మళ్ళీ చెప్పాలి. మొదటి రోజు సగం వాక్యాలకి కూడా చెయ్యి లేవలేదు. ఎనిమిదో రోజుకి మూడు చోట్ల తప్ప అన్నిటికీ లేచింది. పక్కన మనిషి లేకపోతే ఫోన్‌ని గది ఆ చివర పెట్టి రికార్డ్ చేసుకోండి, దగ్గర పెట్టుకుంటే ఫోన్ గుసగుసని కూడా పట్టేస్తుంది, మోసపోతాం.

ఐదో అడుగు: కాగితం కాదు, అట్టముక్కలు

చేతులు వణికితే పల్చటి పెద్ద కాగితం దాన్ని పదింతలు చేసి చూపిస్తుంది, మైకు దగ్గర ఉంటే ఆ చప్పుడు కూడా వినిపిస్తుంది. అరచేతిలో పట్టే దళసరి అట్టముక్కలు నాలుగు తీసుకుని, మొత్తం స్పీచ్ కాకుండా ఒక్కో దాని మీద మూడు నాలుగు మాటలే పెద్దక్షరాలతో రాయించా. రెండోదాని మీద "బీరువా, బ్యాగు, నేల, ఎన్నో నంబరు" అంతే. మూలకి ఒకటి రెండు మూడు నాలుగు అని నంబర్లు, కింద పడితే వరస తప్పకుండా.

బట్టీ పట్టాల్సింది మొదటి రెండు వాక్యాలూ, చివరి రెండు వాక్యాలూ మాత్రమే. మొత్తం బట్టీ పడితే గొలుసులో ఒక లింకు తెగినట్టు ఒక్క మాట మర్చిపోయినా తర్వాతది ఏదీ రాదు. జరిగిన కథ అయితే మాట మారినా సంఘటన గుర్తుంటుంది, బీరువా తర్వాత బ్యాగు, బ్యాగు తర్వాత నేల. మొదలు మాత్రం నోటికి రావాలి, ఎందుకంటే దడ ఎక్కువుండేది మొదటి నిమిషంలోనే, అప్పుడు ఆలోచించి మాట్లాడే స్థితి ఉండదు. ఆ నిమిషం దాటితే చాలామందికి తగ్గుతూ వస్తుంది.

ఆరో అడుగు: ఆ రోజు

తమ్ముడికి బాగా పట్టుకున్న భయం ఇంకొకటుంది, "నా వణుకు అందరికీ కనిపిస్తుందక్కా" అని. దీనికి నేను చెప్పింది ధైర్యం మాట కాదు. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2003లో దీనిమీదే ఒక పరిశోధన అచ్చువేశారు. స్పీచ్ ఇచ్చినవాళ్ళు తమ కంగారు ఎంత బయటపడిందనుకున్నారో, విన్నవాళ్ళకి అంతకంటే తక్కువే కనిపించింది. ఈ సంగతి ముందే చెప్పించుకున్నవాళ్ళు, చెప్పించుకోనివాళ్ళ కంటే మెరుగ్గా మాట్లాడారు కూడా. నమ్మకం కుదరడానికి తన రికార్డు వీడియో ఒకటి చూపించా, "ఇక్కడ నా కాళ్ళు వణికాయి" అన్నాడు, వీడియోలో ఎక్కడా లేదు.

ఫంక్షన్‌కి అరగంట ముందు హాలుకి వెళ్ళి నిలబడే చోట నిలబడి మైకులో రెండు మాటలు చెప్పి చూసుకోవాలి. మైకు నోటికి ఒక పిడికిలి దూరంలో ఉంటే చాలు, తల తిప్పినప్పుడు అది కూడా తిరగాలి. జాలీ దగ్గర చేత్తో మూసి పట్టుకోవద్దు, స్పీకర్ బాక్స్ ఎదురుగా నిలబడొద్దు, అప్పుడే కీచుమంటుంది. మైకు ఉంది కదా అని చివరి మాట వదిలేయొద్దు, నోట్లోంచి రాని మాటని మైకు పుట్టించలేదు. స్టాండ్ మైకు ముందు మాట్లాడినవాళ్ళ ఎత్తులో ఉంటుంది, అది సర్దుకోడానికి తీసుకునే రెండు మూడు సెకన్లు ఎవరూ లెక్కపెట్టరు.

తన వంతుకి ముందు కుర్చీలోనే ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలసేపు నెమ్మదిగా వదలమన్నా, ఐదారుసార్లు. పీల్చడం కంటే వదలడం పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. పెదాలు మూసి మ్మ్ అని సన్నగా కూనిరాగం తీస్తే గొంతు బిగువు వదులుతుంది. భయంలో నోరెండిపోతుంది కాబట్టి నీళ్ళు చేతికందేలా పెట్టుకోవాలి. ఇవి మామూలు బిడియానికి సరిపోతాయి. నత్తి ఉన్నవాళ్ళు స్పీచ్ థెరపిస్ట్‌ని, ఊపిరాడనంతగా, కళ్ళు తిరిగేంతగా భయం వచ్చేవాళ్ళు డాక్టర్‌ని కలవడం మంచిది, ఎవరో చెప్పారని మాత్రలు మింగి స్టేజీ ఎక్కొద్దు.

మరి ఏమైంది

ముందు మాట్లాడినాయన అనుకున్నట్టే క్రమశిక్షణ, సమయపాలన అన్నీ చెప్పేశారు. తమ్ముడు లేచాడు, మైకు సర్దుకున్నాడు. మొదటి వాక్యం మరీ వేగంగా దొర్లిపోయింది. "మీలో చాలామంది నా గొంతు వినడం ఇదే మొదటిసారి" అనగానే హాలంతా నవ్వింది, ఆప్యాయంగానే, దానికి మేం రెడీగా లేం, తను బిత్తరపోయి ఆగిపోయాడు. నాలుగైదు సెకన్లు. నాకు చివరి వరసలో చేతులు చల్లబడ్డాయి. అట్టముక్క చూసుకున్నాడు, ఊపిరి తీసుకున్నాడు, "రెండో నెలలో ఒక లెటర్ పోగొట్టా" అన్నాడు తలెత్తి. "పోగొట్టా" నా దాకా వచ్చింది. అలవాటుగా చెయ్యి ఎత్తేశా, పక్కవాళ్ళు నన్ను చూశారు.

నేల మీద కూర్చున్న దగ్గరికి వచ్చేసరికి హాల్లో చప్పుడు లేదు. "ఆ విషయం ఆయన ఎవరికీ చెప్పలేదు" అన్నప్పుడు ఆ "లేదు" గోడకి తగిలి తిరిగొచ్చినట్టు వినిపించింది. సార్ కళ్ళజోడు తీసేశారు. ఇక్కడ తమ్ముడికి గొంతు పూడుకుపోయింది, దీనికి మాత్రం ముందే అనుకున్నాం, ఏడుపొస్తే మాటని తోసుకుంటూ పోవద్దు, నోరు మూసుకుని ఒక గుటక మింగి, ముక్కుతో గాలి వదిలి, అప్పుడు మొదలుపెట్టు అని. అలాగే చేశాడు. "సార్, ఆ పెన్సిల్..." అని ఆయన వైపు తిరిగి మాట్లాడాడు, హాలుని మర్చిపోయాడు, నిజానికి అక్కడ మర్చిపోవడమే కావాలి.

తర్వాత సార్ లేచి తన వంతు మాట్లాడేటప్పుడు "ఆ రోజు నాకూ దొరుకుతుందని నమ్మకం లేదు, వీడు ఒక్కడే ఉన్నాడని కూర్చున్నా" అన్నారు.

మర్నాడు పొద్దున తమ్ముడు నా టేబుల్ దగ్గరికొచ్చి ఫోన్ పెట్టాడు, ఎవరో తీసిన వీడియో. మొత్తం విన్నాడంట, రెండుసార్లు. "అక్కా, పిన్ను దగ్గర 'దొరికింది' మింగేశాను చూడు" అన్నాడు. విన్నా, నిజమే, సగమే వినిపించింది. వచ్చే వారం సెక్షన్ మీటింగ్‌లో ఇన్వర్డ్ లెటర్లు ఆలస్యంగా ఎందుకు వస్తున్నాయో చెప్పాలంట, అడగకుండా తనే పేరిచ్చాడు. చేతిలో చిన్న అట్టముక్క ఉంది, నాలుగు వాక్యాలు, ప్రతి వాక్యం చివర ఎర్రగీత.